మనిషిలా చెప్పు

ఆఫీసులో ఆమెకు కత్తెరమ్మ అని పేరు. చాటుగా కాదు, ఎదురుగానే పిలిచేవారు, ఆమె కూడా పలికేది. ఎవరు రాసిన వాక్యం చేతికిచ్చినా సగానికి సగం కోసేసిగానీ తిరిగి ఇచ్చేది కాదు. "ఇందుమూలముగా", "సదరు", "తగు విధముగా" లాంటి మాటలు కంటబడితే చాలు, ఆమె మొహం చేదు మాత్ర మింగినట్టు అయిపోయేది.

వాళ్ళ కంపెనీది ఫోన్లో డబ్బు పంపుకునే యాప్. జనం అందులో డబ్బు వేసుకుంటారు, బిల్లులు కడతారు, ఒకరికొకరు పంపుకుంటారు. ఏదైనా అడ్డం తిరిగితే మాత్రం గుండె గుభేలుమని "తరచూ అడిగే ప్రశ్నలు" అనే పేజీ తెరుస్తారు. అక్కడ రాసింది అర్థమైతే సరే. కాకపోతే కింది అంతస్తులో హెడ్‌సెట్లు తగిలించుకుని కూర్చున్న పిల్లలకు ఫోన్ చేస్తారు. ఆ పిల్లలు, పాపం, అదే పేజీని పైకి చదివి వినిపిస్తారు. కంటికి అర్థం కానిది చెవికి మాత్రం ఎలా అర్థమవుతుంది? రెండు రోజులాగి మళ్ళీ చేస్తారు. ఒకే మనిషి ఒకే సంగతి మీద వారం లోపల మళ్ళీ ఫోన్ చేస్తే దాన్ని అక్కడ "తిరుగు కాల్" అంటారు. ఆ తిరుగు కాల్స్ తగ్గేలా సమాధానాలన్నిటినీ మామూలు మాటల్లో తిరగరాయడం కత్తెరమ్మ ఉద్యోగం. ఇంత తేలిక పనికి జీతం కూడానా అని లెక్కల విభాగంవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఒక్క సమాధానం రాసి చూస్తే వాళ్ళకి తెలిసేది.

ఒకప్పుడు ఆ పేజీలో ఇలా ఉండేది: "లావాదేవీ పెండింగ్ స్థితిలో ఉన్నయెడల, సంబంధిత బ్యాంకు నుండి ధ్రువీకరణ అందిన మీదట మొత్తము వాపసు చేయబడును." కత్తెరమ్మ దాన్ని తీసి పారేసి, "మీ డబ్బు పోలేదు. బ్యాంకు దగ్గర ఆగింది. మూడు పనిదినాల్లో అవతలివాళ్ళకు చేరుతుంది, లేదా మీకే తిరిగొస్తుంది. ఈలోగా మళ్ళీ పంపకండి" అని రాసింది. ఆ నెలలో ఆ ప్రశ్న మీద వచ్చే తిరుగు కాల్స్ సగానికి పడిపోయాయి. కింది అంతస్తు పిల్లలు ఆమెకు పూలగుత్తి తెచ్చిచ్చారు. ఆమె దాన్ని ఇంటికి తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టింది, ఎందుకంటే ఆ "మీ డబ్బు పోలేదు" అన్న మాట నిజానికి అక్కది.

అక్క ఆసుపత్రిలో పరీక్షలకు రక్తం తీసే పని చేసేది. ఆమెకన్నా పన్నెండేళ్ళు పెద్ద. అమ్మ పోయాక పెంచింది ఆవిడే. ఇద్దరూ ఒకే ఇంట్లో, అద్దె సగం సగం పంచుకుని ఉండేవారు. అక్క పెళ్ళి రెండేళ్ళకే ముగిసిన ముచ్చట, చెల్లెలు ఆ దారికే పోలేదు. ఆదివారం పొద్దున కత్తెరమ్మ తను రాసిన సమాధానాలు చదువుతుంటే, అక్క ఉతికిన బట్టలు మడత పెడుతూ వినేది. నాలుగు ముక్కలు విని, "ఏమో, నాకేం అర్థం కాలేదు. మనిషిలా చెప్పు" అనేది. అలా ఎన్నిసార్లు అనిపించుకుంటే అన్నిసార్లు చెల్లెలు పళ్ళు నూరుకుంటూ తిరగరాసేది.

"సూది గుచ్చేముందు నొప్పి ఉండదని చెప్పకూడదే," అని అక్క అంటుండేది. "కాస్త నొప్పి పుడుతుంది, అటు చూడు అని చెప్పాలి. నొప్పి సంగతి ముందే చెబితే మనిషి చెయ్యి కదపడు. తర్వాత చెబితే ఇంకెప్పుడూ మనల్ని నమ్మడు."

సమాధానాల పేజీ అడుగున "ఇది మీకు ఉపయోగపడిందా?" అని ఒక ప్రశ్న, "అవును", "కాదు" అని రెండు గడులు ఉంటాయి. "కాదు" నొక్కితే "ఎందుకు?" అంటూ ఇంకో గడి తెరుచుకుంటుంది. అక్కడ జనం రాసినవన్నీ, పేర్లు లేకుండా, సోమవారం పొద్దున కత్తెరమ్మ కంప్యూటర్‌కి వచ్చి పడతాయి. ఒకోసారి వాటి మధ్యలో "రాసినావిడకు నిద్ర చాలినట్టు లేదు" అనో, "టీ తాగి మళ్ళీ రాయమనండి" అనో కనబడేది. పేరు లేకపోతేనేం, ఆ గొంతు ఎవరిదో కత్తెరమ్మకు తెలియదూ? సాయంత్రం ఇంటికెళ్ళి నిలదీస్తే అక్క ఆకాశంలోకి చూసేది.

ఆ అక్క కిందటి వానాకాలంలో, ఒక మధ్యాహ్నం, తను పనిచేసే ఆసుపత్రిలోనే కుప్పకూలిపోయింది. చెల్లెలు ఆటో దిగేసరికే అంతా అయిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో మాట్లాడేవి ఫ్యానూ, పక్కవాళ్ళ టీవీ మాత్రమే. ఆదివారాలు వస్తాయి, బట్టలు దండెం మీదే ఉండిపోతాయి. ఏదైనా సమాధానం రాసి పైకి చదివితే గోడలు వింటాయి గానీ, మనిషిలా చెప్పమని అడగవు. ఆమె రాతలో పట్టు తప్పింది. తగ్గిన తిరుగు కాల్స్ మెల్లగా మళ్ళీ పెరుగుతున్నాయి. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు, అనకపోవడమే ఆమెకు మరీ కష్టంగా ఉండేది.

ఇక ఆమె చేస్తున్న పిచ్చిపని ఒకటి చెప్పాలి.

అక్క తన వంతు అద్దె చెల్లెలికి ప్రతి నెలా మొదటి తారీఖున దానంతటదే వెళ్ళేలా యాప్‌లో పెట్టుకుంది. దాన్ని ఆటోపే అంటారు. ఒకసారి పెడితే మళ్ళీ వేలు పెట్టే పని లేదు. డబ్బుతోపాటు ఒక మాట కూడా పంపవచ్చు. అక్క రాసింది ఇది: "చిట్టీ, అద్దె. వంటింట్లో లైటు ఆపు."

లోకంలో ఆమెను చిట్టి అని పిలిచే మనిషి అక్క ఒక్కతే. అందుకే ఈ కథ చెప్పేవాళ్ళం మనం కూడా ఆ పేరు జోలికి పోకుండా కత్తెరమ్మ అనే అనుకుందాం.

అక్క పోయిన నెల తిరగ్గానే ఫోన్ టింగుమంది. "చిట్టీ, అద్దె. వంటింట్లో లైటు ఆపు." కత్తెరమ్మ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. వంటింట్లో లైటు నిజంగానే వెలుగుతోంది. ఆ తర్వాతి నెలా వచ్చింది. మూడో నెల వచ్చేసరికి ఆమెకు భయం పట్టుకుంది. అక్క ఖాతాలో ఉన్నది అయిపోతే? డబ్బు లేకపోతే ఆటోపే నడవదు, మాట రాదు. అంతే, ఆ నెలాఖరున ఆమె తన ఖాతాలోంచి అక్క ఖాతాలోకి అద్దె డబ్బు పంపింది. ఒకటో తారీఖున ఆ డబ్బే అక్క పేరుతో, అక్క మాటతో తిరిగొచ్చింది. అప్పటినుంచి నెలనెలా ఇదే తంతు. పోయేదీ తన డబ్బే, వచ్చేదీ తన డబ్బే. మధ్యలో ఒక్క టింగు కోసం. వంటింట్లో లైటును కూడా రాత్రీ పగలూ ఆపేది కాదు, అక్క తిట్టింది తిట్టినట్టు ఉండాలని.

మనిషి పోయిన సంగతి కంపెనీకి తెలియజేయాలని ఆమెకు తెలియక కాదు. ఆ పేజీ ఆమె కళ్ళముందే ఉంది. తిరగరాయాల్సిన సమాధానాల వరుసలో దాని వంతు వచ్చినప్పుడల్లా ఏదో సాకు చెప్పి దాటేసింది.

ఆ రోజు కింది అంతస్తు టీమ్ లీడర్ తనే పైకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. గలగలా మాట్లాడే మనిషి, ఆవేళ నెమ్మదిగా ఉంది.

"అక్కా, ఇది చూడండి," అంది ల్యాప్‌టాప్ తిప్పి. వయసులో పెద్దవాళ్ళందరినీ ఆమె అక్కా అనే పిలుస్తుంది. "ఫోన్లు తక్కువే, కానీ చేసినవాళ్ళు ఒకసారితో ఊరుకోవట్లేదు. నాలుగుసార్లు, అయిదుసార్లు చేస్తున్నారు. ఇలాంటి ప్రశ్న మన దగ్గర ఇంకోటి లేదు."

తెర మీద ఉన్న ప్రశ్న: "ఖాతాదారు మరణించిన పక్షమున ఏమి చేయవలెను?"

"ఇంకో విడతలో చూద్దాంలే," అంది కత్తెరమ్మ.

"పోయిన రెండు విడతల్లోనూ అదే అన్నారు. ఈసారి మీరు రాయకపోతే బయటి ఏజెన్సీకి ఇస్తారట. వాళ్ళు 'మీ అమూల్యమైన ఆప్తుల' అని మొదలుపెడతారు. మా పిల్లలు అది చదివి వినిపించాలి, ఏడుస్తున్నవాళ్ళకి." టీమ్ లీడర్ గొంతు తగ్గించింది. "మీ ఇంట్లో జరిగింది నాకు తెలుసక్కా. అడగడానికి నోరు రాలేదు. కానీ మీరైతేనే బాగుంటుంది."

కత్తెరమ్మ సరేనంది. సరేనన్న క్షణమే తనేం ఒప్పుకుందో ఆమెకు తెలిసిపోయింది. ఆమెకు ఒక నియమం ఉంది. ఏ సమాధానమైనా రాశాక, అందులో చెప్పిన ప్రతి మెట్టూ తనే ఎక్కి చూస్తుంది. తను నడవని దారి ఇంకొకరికి చూపించదు. ఉత్తుత్తి ఖాతాలు ఆఫీసులో ఉన్నాయి, నిజమే. కానీ ఉత్తుత్తి ఖాతాలో ఎవరూ పోరు. ఈ సమాధానం రాయడమంటే అక్క ఖాతా మూసేయడమే. ఒకటో తారీఖున ఇక ఫోన్ మోగదు.

రాసేముందు రికార్డు చేసిన ఫోన్లు వినడం ఆమె పద్ధతి. రెండు రోజులు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది. జనం అడిగేవి చిన్న చిన్న సంగతులే. నామినీ అంటే ఎవరు? మరణ ధ్రువపత్రంలో పూర్తి పేరుంది, యాప్‌లో ముద్దుపేరుంది, చెల్లదంటున్నారేం? ఒకావిడ మాత్రం అగ్గిమీద గుగ్గిలమైంది. భర్త పోయాడని చెప్పిన మర్నాడే ఆయన ఖాతా ఆగిపోయిందట, ఆ ఖాతాలోంచి కట్టాల్సిన కరెంటు బిల్లు కట్టలేదట, ఇంట్లో కరెంటు తీసేశారట. "ఆగిపోతుందని ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని ఆవిడ అరిచింది. నిజమే, పేజీలో ఎక్కడో చివర "ఖాతా స్తంభింపజేయబడును" అని ఉంది. అది చదివి కరెంటు పోతుందని ఎవరనుకుంటారు?

అయిదుసార్లు ఫోన్ చేసిన ఒక పెద్దాయన ఉన్నాడు. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆయన ప్రశ్నకు ఎదురుగా పిల్లలు "ప్రశ్న అస్పష్టం" అని రాసుకున్నారు. కత్తెరమ్మ అయిదు రికార్డులూ వరసగా విన్నది.

"అమ్మా, మా ఆవిడ దగ్గర్నుంచి నెల మొదట్లో నాకు వస్తుంది. ఆవిడ పోయిందని నేను మీకు చెబితే, అది ఇక రాదా?"

"సర్, మిగిలిన మొత్తం నామినీ ఖాతాకు జమ చేయబడుతుంది."

"అది కాదమ్మా. నెలనెలా వచ్చేది."

"సర్, మొత్తం ఒకేసారి వస్తుంది సర్."

"సరేలే తల్లీ." ఫోన్ పెట్టేసిన చప్పుడు. నాలుగు రోజులకి మళ్ళీ అదే గొంతు, అదే ప్రశ్న, అదే జవాబు.

కత్తెరమ్మ హెడ్‌ఫోన్ తీసేసి కాసేపు రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఇందులో అస్పష్టం ఏముంది? అద్దంలా కనబడుతోంది. ఈ ఆఫీసు మొత్తంలో ఆయన ఏం అడుగుతున్నాడో తెలిసింది తనొక్కదానికే, అది తెలియడానికి కారణం మాత్రం ఎవరికీ చెప్పుకునేది కాదు.

మధ్యాహ్నం అద్దాల గదిలో కూర్చుని ఆయనకు ఫోన్ చేసింది. మొదట ఆమె రాసిపెట్టిన వాక్యమే వినిపిస్తుంది: "ఈ మాటలు రికార్డవుతాయి." పాత రోజుల్లో అది "నాణ్యతా ప్రయోజనాల నిమిత్తము" అంటూ ఇంత పొడుగుండేది.

"నమస్తే అండి. మీరు ఇంతకుముందు ఒకటి అడిగారు. దానికి సరైన జవాబు చెప్పలేదు మావాళ్ళు. అందుకే చేశాను."

"చెప్పమ్మా," అన్నాడాయన. వెనకాల ఎక్కడా చప్పుడు లేదు. తన ఇంట్లో ఉన్నట్టే ఉంది అక్కడ కూడా.

ఆమె నీళ్ళు నమలకుండా చెప్పేసింది. "రాదండి. మీరు చెప్పిన రోజే ఆవిడ ఖాతా ఆగిపోతుంది. అందులో ఉన్న డబ్బు మీకు చేరుతుంది. కానీ ఆవిడ పేరుతో నెల మొదట్లో వచ్చేది మాత్రం ఇక రాదు. మళ్ళీ తెరవడం కూడా కుదరదు."



"అమ్మయ్య," అన్నాడు పెద్దాయన. "ఇన్నిసార్లు అడిగితే అందరూ వస్తుంది, వస్తుంది అంటారే గానీ, రాదని ఒక్కరూ చెప్పలేదు తల్లీ. ఈ ముక్క మొదటి రోజే చెబితే మీ ప్రాణం తీసేవాణ్ణా? సరే, ఇప్పటిదాకా వచ్చినవి?"

"మీ ఫోన్‌కి వచ్చినవి మీ దగ్గరే ఉంటాయండి. ఎక్కడికీ పోవు."

"బస్సు దిగాక టీ తాగమని డబ్బులు పంపేది. 'ఒక్కటే తాగు' అని రాసేది కింద. నా సంగతి తెలుసుగా ఆవిడకి." ఆయన నవ్వబోయి ఆగాడు. "నీకెవరు పోయారమ్మా?"

కత్తెరమ్మ అద్దం అవతలికి చూసింది. ఎవరి పనిలో వాళ్ళున్నారు. "మా అక్కండి."

"పంపేదా?"

"పంపేదండి."

"ఏమని రాసేది?"

"లైటు ఆపమని."

పెద్దాయన ఈసారి నిజంగానే నవ్వాడు. ఆమెకు కూడా నవ్వొచ్చింది, నవ్వుతో పాటే కన్నీళ్ళూ వచ్చాయి. అక్క పోయాక ఆమె అక్క గురించి ఇంకొక మనిషితో మాట్లాడటం అదే మొదలు. ఆ మనిషి మొహం ఆమె చూడలేదు, ఇక చూడదు కూడా. ఆ మాటలన్నీ రికార్డయ్యాయి. వినేవాళ్ళు లేరు గనక ఫరవాలేదు, ఆ రికార్డులు వినే ఉద్యోగం తనదే.

ఆ సాయంత్రం ఆమె ఒక్క బిగిన రాసింది. ఎన్నాళ్ళకో చెయ్యి సులువుగా కదిలింది.

"మీవాళ్ళు చనిపోయారని మాకు ఎలా చెప్పాలి?

ముందుగా ఒక సంగతి తెలుసుకోండి. మీరు చెప్పిన రోజే వారి ఖాతా ఆగిపోతుంది. మళ్ళీ తెరవలేం. ఆ ఖాతా నుంచి కట్టే కరెంటు, ఫోను బిల్లులు కూడా ఆగిపోతాయి. అందుకే వాటిని ముందే మీ ఖాతాకు మార్చుకోండి. వారి పేరుతో మీకు నెలనెలా ఏదైనా వస్తుంటే, అది ఇక రాదు. ఇప్పటికే మీ ఫోన్‌కు వచ్చిన సందేశాలు మీ దగ్గరే ఉంటాయి."

ఆ తర్వాత ఎవరు చెప్పాలి, ఏం పంపాలి, డబ్బు ఎప్పుడు చేరుతుంది అన్నవి ఒక్కొక్కటీ. పేర్లు కలవకపోతే ఇంకే కాగితం చూపించాలో కూడా. నామినీ అన్న మాట దగ్గర ఆగింది. "'నా తర్వాత ఈ డబ్బు వీరికి' అని ఖాతాదారు ఎవరి పేరు రాశారో, ఆ మనిషి" అని రాసి, అది తను రాసిందే అయినా, రెండోసారి చదవలేకపోయింది.

కంపెనీ లాయరు చెడ్డవాడు కాదు. కానీ ప్రతి వాక్యం వెనకా ఒక కేసు దాక్కుని ఉందని ఆయన నమ్మకం. మర్నాడు ఆ సమాధానం చూడటానికి ఆయనా, కత్తెరమ్మా, టీమ్ లీడరూ కూర్చున్నారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "బిల్లుల సంగతి పైకి తేవడం బాగుంది. ఈ 'వారి పేరుతో వచ్చేది ఇక రాదు' అన్నది మాత్రం దేనికండీ? ఎవరికి పనికొస్తుంది? తీసేద్దాం" అన్నాడు.

"తీయను," అంది కత్తెరమ్మ.

లాయరు ఉలిక్కిపడ్డాడు. వాక్యాలు కోసే మనిషి ఒక వాక్యం కోసం ఇలా భీష్మించుకోవడం ఆయన చూడలేదు.

"దాని కోసమే ఒకాయన అయిదుసార్లు ఫోన్ చేశాడండి. మేం ఆయనకి అర్థం కాని జవాబు అయిదుసార్లు చదివి వినిపించాం. నొప్పి ఉంటుందని ముందే చెప్పాలి. చెప్పకుండా గుచ్చకూడదు."

"సరే, సరే," అన్నాడు లాయరు టీమ్ లీడర్ వైపు బిక్కమొహం వేసి. "ఉంచండి. కానీ నాదీ ఒక వాక్యం పెట్టాలి. చనిపోయినవారి ఖాతాలోంచి డబ్బు తీయకూడదు, అందులో వేయకూడదు. నామినీ అయినా సరే."

"తీయకూడదంటే అర్థముంది. వేసేవాళ్ళెవరుంటారు సార్?" అంది టీమ్ లీడర్.

"ఎవరో పిచ్చివాళ్ళుంటారు. రాసిపెడితే మనకి గొడవ లేదు."

టీమ్ లీడర్ నవ్వింది. కత్తెరమ్మ కూడా నవ్వబోయింది గానీ మొహం సహకరించలేదు. తల వంచుకుని, "చనిపోయినవారి ఖాతాలోంచి డబ్బు తీయకండి, అందులో వేయకండి" అని తన చేత్తోనే టైపు చేసింది. లాయరు వాక్యంలో కోయడానికి ఏమీ లేకపోవడం అదే మొదటిసారి.

ఆదివారం వచ్చింది. ఆమె దండెం మీది బట్టలన్నీ తెచ్చి మంచం మీద పోసి, ఒక్కొక్కటే మడత పెట్టింది. అన్నీ తనవే గనక త్వరగా అయిపోయాయి. అప్పుడు ఫోన్ తీసి, అప్పటికే యాప్‌లోకి ఎక్కిన తన సమాధానం తెరిచి, ఎదుట మనిషి ఉన్నట్టు పైకి చదివింది. మొదటిసారి చదివితే ఎక్కడో పంటి కింద రాయి తగిలింది. "సమర్పించండి" అన్న మాట. అక్క అయితే "దేవుడికా?" అనేది. దాన్ని "పంపండి" అని మార్చుకోవాలని గుర్తు పెట్టుకుంది. రెండోసారి చదివితే ఎక్కడా ఏమీ తగల్లేదు. మనిషిలా చెప్పు అని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు, ఆ సమాధానం మనిషిలాగే ఉంది.

ఇక మెట్లు ఎక్కడమే మిగిలింది. అక్క మరణ ధ్రువపత్రాన్ని కిటికీ వెలుతురులో పెట్టి ఫోటో తీసింది. పేర్లు కలిశాయి. "చనిపోయినవారు మీకు ఏమవుతారు?" అన్నచోట అక్క అని నొక్కింది. చివర ఒక గడి ఉంది: "చెప్పిన రోజే ఖాతా ఆగిపోతుందని, మళ్ళీ తెరవలేరని నాకు అర్థమైంది." ఆ గడి దాకా వేలు తెచ్చి ఆమె ఆపింది. రేపు నెలాఖరు. డబ్బు పంపితే ఎల్లుండి ఫోన్ మోగుతుంది. పంపడానికి ఇంకా ఒక రోజుంది. ఇంకొక్క నెల అని మనసు బేరమాడింది. పెద్దాయనకు "రాదండి" అని చెప్పింది ఈ నోటితోనే కదా అనుకుంది. కళ్ళు మూసుకోబోయి, మూసుకోకుండా, నొక్కింది.

వెంటనే సందేశం వచ్చింది. అది కూడా తను రాసిందే. "మీరు చెప్పింది మాకు అందింది. మీ అక్కగారి ఖాతా ఇప్పుడు ఆగింది. ఇక మీరు చేయాల్సిందేమీ లేదు."

ఇక మీరు చేయాల్సిందేమీ లేదు. జనం కంగారుపడి మళ్ళీ ఫోన్ చేయకుండా ఉండాలని ఆ వాక్యం పెట్టింది. చాలా మంచి వాక్యం అని టీమ్ లీడర్ మెచ్చుకుంది. ఇప్పుడది చదివి కత్తెరమ్మ, మడత పెట్టిన బట్టల మీద తల పెట్టుకుని, గొంతెత్తి ఏడ్చింది.

ఏడుపు ఆగాక చూస్తే ఫోన్ తెర ఇంకా వెలుగుతోంది. అడుగున ఎప్పటిలాగే ఆ ప్రశ్న. "ఇది మీకు ఉపయోగపడిందా?" ఆమె "కాదు" నొక్కింది. "ఎందుకు?" అంటూ గడి తెరుచుకుంది. ముక్కు తుడుచుకుని అందులో రాసింది: "అర్థమైంది. అందుకే."

సోమవారం పొద్దున ఆఫీసులో జనం రాసిన మాటల వరుస తెరిచింది. ఒకరికి రంగులు నచ్చలేదు, ఒకరికి అక్షరాలు చిన్నగా ఉన్నాయి. వాటి మధ్యన, పేరు లేకుండా, "అర్థమైంది. అందుకే" అని ఉంది. ప్రతి మాటకూ ఎదురుగా ఏం చేయాలో రాయడం ఆమె పని. మాట మార్చాలా, వివరం కలపాలా, తీసేయాలా. కాసేపు చూసి, దాని ఎదురుగా "మార్చక్కరలేదు" అని పెట్టింది.

మంగళవారం ఒకటో తారీఖు. పొద్దున్నే లేచి ఫోన్ పక్కన పెట్టుకుని టీ తాగింది. రాదని అందరికన్నా బాగా తెలిసిన మనిషే కూర్చుని ఎదురుచూసింది. ఆఫీసుకు వేళయ్యింది. చెప్పులు వేసుకుని తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, వంటింట్లో లైటు ఆపింది.